వరిలో కేళీలు వస్తే సంచి మీది లాట్ నంబరు పట్టుకుని లెక్క అడగాలి
విత్తన కంపెనీ రికార్డులు ఎలా రాబట్టాలి? వాటిలో ఏం చూడాలి?

సాంబ మసూరి అని కొన్నారు. నారు బాగానే మొలిచింది, నాట్లు పడ్డాయి, పిలకలు కూడా బాగానే వేసింది. తీరా సెప్టెంబరు మూడో వారంలో చూస్తే చేలో అక్కడక్కడ వెన్ను బయటికొచ్చింది. మిగతా చేను ఇంకా పచ్చగా, చిరుపొట్టకైనా రాకుండా ఉంది. ముందు ఈనిన ఆ మొక్కలే కేళీలు. అవి పండి గింజ రాల్చే వేళకు అసలు పంట పాలు పోసుకుంటూ ఉంటుంది. రెండూ కలిపి కోస్తే మిల్లు దగ్గర సన్న రకం ధర రాదు.

షాపు దగ్గరకు వెళితే "నాకేం తెలుసండీ, కంపెనీ పంపింది, నేను అమ్మాను" అంటాడు. కంపెనీ వాళ్లకు ఫోను చేస్తే "అదే లాట్ విత్తనం వంద మందికి ఇచ్చాం, మీ ఒక్కరికే వచ్చిందా?" అంటారు. చాలామంది రైతులు ఇక్కడే ఆగిపోతారు. నిజానికి ఆ రెండో మాటకు జవాబు కంపెనీ రికార్డుల్లోనే ఉంటుంది. రైతు పట్టుదలగా అడగవలసినవి ఆ రికార్డులే.

లాట్ అంటే ఏమిటి?

విత్తన కర్మాగారంలో ఒకే రకం ధాన్యాన్ని శుద్ధి చేసి, ఒక రాశిగా చేర్చి, ఆ రాశికి ఒక నంబరు ఇస్తారు. ఆ రాశిలోంచి నమూనా తీసి పరీక్ష చేసి, సంచుల్లోకి ఎత్తుతారు. అదే లాట్. వరిలో ధ్రువీకరణ విత్తనానికి ఒక లాట్ 200 క్వింటాళ్లకు మించకూడదు. నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరణ విత్తనంలో లాట్ నంబరు నాలుగు ముక్కలుగా ఉంటుంది. పంట కోత ముగిసిన నెల, సంవత్సరం మొదటి ముక్క. పండించిన ప్రాంతం రెండోది, శుద్ధి చేసిన ప్లాంటు మూడోది, ఆ రాశి వరుస సంఖ్య నాలుగోది. ఆకుపచ్చ లేబుల్ ఉన్న విత్తనానికి కంపెనీయే నాణ్యతకు పూచీ పడుతుంది. దాని మీద లాట్ నంబరు ఆ కంపెనీ సొంత పద్ధతిలో ఉంటుంది. పద్ధతి ఏదైనా, ఆ నంబరు చెబితే కంపెనీ తన పుస్తకాల్లో వెనక్కు వెళ్లి, ఏ రైతు పొలంలో పండిన ధాన్యమో, ఏ రోజు మిషను ఎక్కిందో, ఎన్ని సంచులైందో, ఏ డీలరుకు ఎన్ని పంపిందో చెప్పగలగాలి.

ఇది కంపెనీ దయాదాక్షిణ్యం మీద ఉన్న సంగతి కాదు. 1968 నాటి విత్తన నియమాల్లో 13(3) అనే నియమం ఉంది. నోటిఫై చేసిన రకాల విత్తనం అమ్మేవారు, అమ్మిన ప్రతి లాట్‌కూ పూర్తి రికార్డు 3 సంవత్సరాలు ఉంచాలి. రికార్డుతోబాటు ఆ లాట్ నమూనా కూడా ఉంచాలి. లాట్ మొత్తం అమ్ముడుపోయిన ఏడాది తర్వాతే నమూనాను పారేయవచ్చు. అంటే కాలం రైతు పక్షాన లేదు. ఉత్తరం ఆలస్యమైన కొద్దీ నమూనా చేజారే అవకాశం పెరుగుతుంది.

ఈ నియమంలోనే ఇంకో మెలిక ఉంది. అలా దాచిన నమూనాను పరీక్షించవలసి వస్తే స్వచ్ఛత కోసమే పరీక్షించాలి. మొలక శాతం కోసం కాదు. ఏడాది డబ్బాలో ఉన్న గింజ మొలక తగ్గడం సహజం కాబట్టి అలా రాశారు. అందుచేత విత్తనం మొలవలేదన్న ఫిర్యాదులో ఆ నమూనా మీద ఆశ పెట్టుకోకండి. షాపులో అదే లాట్ సీలు తీయని సంచులు ఉండగానే వ్యవసాయాధికారి చేత నమూనా తీయించాలి. కేళీల ఫిర్యాదులో మాత్రం దాచిన నమూనా పనికొస్తుంది. అప్పటికి షాపులో సంచులు అయిపోయి నాలుగు నెలలు గడిచి ఉంటాయి కనుక దాని అవసరమూ ఎక్కువే.

ముందు చేను చూసుకోవాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండెకరాల రైతు జూన్ 14న 25 కిలోల సంచులు రెండు కొన్నాడనుకుందాం. బిపిటి 5204, ఆకుపచ్చ లేబుల్, లాట్ నంబరు 417. జూన్ 18న నారు పోశాడు. సెప్టెంబరు 20 నాటికే కొన్ని మొక్కలు ఈనాయి. గింజ చూస్తే సన్నగా పొడవుగా, ఎంటియు 1010 గింజలా ఉంది. 1010 స్వల్పకాలిక రకం కనుక 5204 కంటే మూడు నాలుగు వారాలు ముందే ఈనుతుంది.

కాగితాల పనిలోకి దిగే ముందు ఈ రైతు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ కేళీలు నిజంగా సంచిలోంచే వచ్చాయా? పోయిన దాళ్వాలో అదే చేలో 1010 వేసి ఉంటే, రాలిన గింజలు మొలిచి కూడా ఇలాగే కనబడతాయి. కంపెనీ మనిషి వచ్చి మొదట అనేది కూడా ఇదే. తేడా ఇలా తెలుస్తుంది. రాలిన గింజ మొక్కలు నాటిన వరుసల్లో ఉండవు, కుదుళ్ల మధ్య ఎక్కడపడితే అక్కడ లేస్తాయి. సంచిలోని కల్తీ అయితే నాటిన కుదురులోనే ఉంటుంది. రెండు మూడు మొక్కలు కలిపి నాటిన కుదురులో ఒకటి ఈని, పక్కది ఈనకుండా ఉంటే ఆ తేడా నారులోనే ఉందన్నమాట. ఇక నారుమడి సంగతి కూడా చూసుకోవాలి. నారు పోసిన చోట అంతకుముందు వేరే రకం నూర్చారా, ఆరబోశారా? అలా జరిగి ఉంటే మనసులో దాచుకోవద్దు. తర్వాత అది ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు మిగతా నిజాల మీద కూడా నమ్మకం పోతుంది.

లెక్క కట్టడానికి చేలో ఐదు చోట్ల నూరేసి కుదుళ్లు చూడాలి. గట్ల పక్కన కాకుండా లోపల చూడాలి. మన రైతుకు 500 కుదుళ్లలో 56 కుదుళ్లలో కేళీలు కనబడ్డాయనుకుందాం. నూటికి 11 పైచిలుకు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. విత్తనంలో 11 శాతం కల్తీ ఉందని ఉత్తరం రాసేస్తారు. కుదురుకు రెండు మొక్కలు నాటితే, అందులో ఒకటి కేళీ అయినా కుదురు మొత్తాన్ని లెక్కేశాం. కాబట్టి విత్తనంలో కల్తీ సుమారు అందులో సగం, ఆరు శాతం దరిదాపు అయి ఉంటుంది. అది కూడా తక్కువేం కాదు. వరి ధ్రువీకరణ విత్తనం పండించే చేలో కేళీలు నూటికి 0.20 మించకూడదు, అంటే వెయ్యి మొక్కలకు రెండు. ఉత్తరంలో శాతం రాయకుండా "500 కుదుళ్లు చూడగా 56 కుదుళ్లలో వేరే రకం మొక్కలు ఉన్నాయి" అని చూసింది చూసినట్టు రాయడం మేలు. "నకిలీ విత్తనం", "మోసం" వంటి మాటలు వద్దు. అవి తేల్చవలసింది పరీక్ష.

సంచి, లేబుల్, బిల్లు

ఈ మూడూ లేకపోతే వెనక్కు వెళ్లడానికి దారి లేదు. నారు పోయగానే సంచిని పశువుల కొట్టంలో పరదాగా వాడేయడం మనకు అలవాటు. కనీసం కుట్టు దగ్గర లేబుల్‌ను చింపకుండా, సంచితో సహా అటక మీద పెట్టుకోండి. లేబుల్ రెండు వైపులా ఫోటో తీసుకోండి. 2023లో కేంద్ర ప్రభుత్వం 'సాథి' అనే విత్తన జాడ వ్యవస్థను ప్రారంభించింది. ట్యాగు మీద క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని కూడా స్పష్టంగా ఫోటో తీయండి. ఫోన్‌లో స్కాన్ చేస్తే వచ్చే వివరాలు ఆ లేబుల్‌కు చెందినవి. సంచిలో ఉన్న గింజ ఆ లేబుల్‌దేనా అన్నది కోడ్ చెప్పదు.

బిల్లు సంగతి. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలరు కొన్నవారికి బిల్లు ఇవ్వాలి. చిట్టీ మీద మొత్తం రాసిచ్చి పంపే షాపులు ఇంకా ఉన్నాయి. అప్పు మీద కొన్నప్పుడు మనమూ గట్టిగా అడగం. బిల్లు మీద లాట్ నంబరు లేకపోతే వెంటనే షాపుకు వెళ్లి, ఆ తేదీన తనకు అమ్మిన సంచుల లాట్ నంబరు రాసి సంతకం చేసివ్వమనండి. డీలరు స్టాకు రిజిస్టరులో కంపెనీ నుంచి ఏ ఇన్‌వాయిసు మీద ఏ లాట్ ఎన్ని సంచులు వచ్చాయో ఉంటుంది. డీలరును శత్రువుగా చూడనవసరం లేదు. చాలాసార్లు అతనూ కంపెనీని అదే అడగవలసినవాడు. అతని చేత కూడా ఒక ఉత్తరం రాయించగలిగితే కంపెనీ మీద రెండువైపుల నుంచి ఒత్తిడి ఉంటుంది.

నంబరు ఎత్తిరాసేటప్పుడు జాగ్రత్త. సున్నాకు బదులు ఓ అక్షరం, ఒకటికి బదులు ఐ అక్షరం పడితే "ఆ నంబరు లాట్ మా దగ్గర లేదు" అని జవాబు వస్తుంది. అందులో అబద్ధం కూడా ఉండదు. మధ్యలో గీతలున్నా వదలకుండా లేబుల్ మీద ఉన్నట్టే రాసి, ఫోటో నకలు జతచేయండి. అసలు లేబుల్, అసలు బిల్లు మాత్రం కంపెనీ ప్రతినిధి చేతికి ఇవ్వకండి. "హెడ్డాఫీసులో చూపించి తెస్తానండీ" అని తీసుకెళ్లినవి తిరిగి రాకపోతే చేయగలిగిందేం లేదు.

కంపెనీకి ఉత్తరం

లేబుల్ మీద ఉన్న కంపెనీ చిరునామాకు, నకలు డీలరుకు, మరో నకలు మండల వ్యవసాయాధికారికి పంపాలి. పోస్టాఫీసులో చేరినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పంపి రసీదు దాచుకోండి. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"నేను 14-6 తేదీన ఫలానా డీలరు వద్ద, ఫలానా నంబరు బిల్లుపై మీ కంపెనీ బిపిటి 5204 వరి విత్తనం 25 కిలోల సంచులు రెండు కొన్నాను. లాట్ నంబరు 417. లేబుల్, బిల్లు నకళ్లు జతచేశాను. 18-6న నారు పోసి, రెండు ఎకరాల్లో నాటాను. 20-9 నాటికి చేలో కొన్ని మొక్కలు ముందుగా ఈనాయి. ఐదు చోట్ల 500 కుదుళ్లు చూడగా 56 కుదుళ్లలో వేరే రకం మొక్కలు ఉన్నాయి. ఫోటోలు జతచేశాను. ఈ లాట్‌కు సంబంధించి కింది రికార్డుల నకళ్లు 15 రోజుల్లో ఇవ్వగోరుతున్నాను.

ఈ లాట్‌లో చేరిన ముడి విత్తనం ఎన్ని పొలాల నుంచి ఎంత వచ్చింది, ఆ పొలాల తనిఖీ నివేదికలు. శుద్ధి చేసిన తేదీ, అదే మిషను మీద దానికి ముందు శుద్ధి చేసిన రకం, మధ్యలో మిషను శుభ్రం చేసిన నమోదు. శుద్ధి తర్వాత వచ్చిన మంచి విత్తనం బరువు, తయారైన సంచుల సంఖ్య, వాడిన లేబుళ్ల సంఖ్య. పరీక్ష నివేదికలు. ఏ డీలరుకు ఏ తేదీన ఎన్ని సంచులు పంపారు, తిరిగి వచ్చినవి ఎన్ని. ఈ లాట్ మీద వచ్చిన ఇతర ఫిర్యాదులు.

విత్తన నియమాలు 1968లోని 13(3) ప్రకారం మీ వద్ద ఉంచిన ఈ లాట్ నమూనాను, రికార్డులను ఈ ఫిర్యాదు తేలేవరకు భద్రపరచగలరు. చేను కోతకు ముందే మీ ప్రతినిధి వచ్చి చూడవచ్చు."

ఇంతే చాలు. ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది నమూనా భద్రపరచమన్న వాక్యం. ఇది అందిన తర్వాత నమూనా పారేశామంటే ఎందుకు పారేశారో కంపెనీయే చెప్పుకోవలసి ఉంటుంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. రికార్డు ఉంచాలని నియమం చెబుతుంది గాని, దాన్ని రైతు అడగగానే ఇంటికి పంపాలని చెప్పదు. జవాబు రాకపోవచ్చు, వచ్చినా "పరీక్షలో 98 శాతం స్వచ్ఛత ఉంది" అని ఒక్క కాగితం రావచ్చు. అందుకే వ్యవసాయాధికారికి నకలుతో సరిపెట్టకుండా విడిగా లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. మన మండల వ్యవసాయాధికారులే విత్తన ఇన్‌స్పెక్టర్లు. విత్తన నియమాల్లోని 23ఎ ప్రకారం, విత్తనం లోపం వల్ల పంట పోయిందని రైతు రాసిస్తే ఇన్‌స్పెక్టరు లేబుల్, సంచి, మిగిలిన విత్తనం ఉంటే దాని నమూనా స్వాధీనం చేసుకుని, ఆ లాట్ నమూనాను పరీక్షకు పంపి, కారణం విచారించాలి. అనుమానానికి ఆధారం ఉంటే రికార్డులు చూసే, స్వాధీనం చేసుకునే అధికారం విత్తన చట్టం 14వ సెక్షను ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. అంటే రైతుకు ఇవ్వని పుస్తకాన్ని ఆయనకు చూపించక తప్పదు. ఫిర్యాదు ఇచ్చినట్టు ఆఫీసులో ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దు. లేబుల్, సంచి ఆయనకు ఇచ్చేటప్పుడు వాటికి రసీదు తీసుకోండి.

నీలం ట్యాగు విత్తనమైతే ఇంకో దారి ఉంది. ఆ లాట్ పొలాల తనిఖీ, పరీక్ష నివేదిక, ఎన్ని ట్యాగులు ఇచ్చారన్న లెక్క రాష్ట్ర విత్తన ధ్రువీకరణ సంస్థ దగ్గర కూడా ఉంటాయి. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రైవేటు కంపెనీకి ఈ చట్టం వర్తించదు.

ఈలోగా కోత సంగతి. వ్యవసాయాధికారి, ఏరువాక కేంద్రం శాస్త్రవేత్త, కంపెనీ ప్రతినిధి కలిసి చేను చూసేదాకా కేళీలు ఏరివేయకండి. వచ్చేదాకా ఆగలేని పరిస్థితి అయితే ఒక మడి అయినా ముట్టకుండా ఉంచండి. కంపెనీ మనిషి చూసిన తర్వాత ఒక ఫారం మీద సంతకం అడుగుతాడు. చదవకుండా పెట్టవద్దు. "సాగు యాజమాన్య లోపం" అని ముందే రాసిపెట్టుకొచ్చిన ఫారాలు ఉంటాయి. వచ్చే ఏడాదికి రెండు సంచులు ఉచితంగా ఇస్తామని, అందుకు ప్రతిగా "నాకు ఇక ఏ ఫిర్యాదూ లేదు" అని రాయించుకోవడం కూడా ఉంది. పుచ్చుకోవాలా వద్దా అన్నది ఆ రైతు ఇష్టం, కానీ ఆ సంతకం విలువ ఎంతో తెలిసి పెట్టాలి.

రికార్డు చేతికొస్తే ఏం చూడాలి?

మళ్లీ మన ఉదాహరణకు వద్దాం. ఇన్‌స్పెక్టరు అడిగాక కంపెనీ మూడు కాగితాలు ఇచ్చిందనుకుందాం. మొదటిది పరీక్ష నివేదిక, స్వచ్ఛత బాగానే ఉంది. రెండోది దాచిన నమూనా. దాన్ని అసలైన 5204 పక్కన మళ్లలో పెంచి చూశారు. దీన్నే పెంపక పరీక్ష అంటారు. మొక్క ఈనేదాకా చూడాలి కనుక ఒక పంటకాలం పడుతుంది. అందులోనూ కేళీలు లేవు. కంపెనీ "చూశారా, మా లాట్ శుభ్రంగా ఉంది. తప్పు రైతుదే" అంది. పైగా పక్క మండలంలో అదే 417 లాట్ వేసిన రైతుల చేలు కూడా బాగున్నాయి.

ఇక్కడితో కేసు పోయిందనిపిస్తుంది. కాని నమూనా చెప్పేది ఆ రాశి గురించే. రైతు కొన్న సంచిలో గింజ ఆ రాశిదేనా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మూడో కాగితంలో ఉంది. శుద్ధి తర్వాత వచ్చిన మంచి విత్తనం 150 క్వింటాళ్లని రాసి ఉంది. అంటే 15,000 కిలోలు. 25 కిలోల చొప్పున 600 సంచులు కావాలి. డీలర్లకు పంపిన పట్టీ కూడితే 640 సంచులు తేలాయి. తిరిగి వచ్చిన సంచులు మళ్లీ వేరే చోటికి పంపితే రెండుసార్లు లెక్కకు వచ్చి ఉండవచ్చు. అందుకే తిరిగి వచ్చిన వాటి లెక్క కూడా అడిగాం. అవి లేవని కంపెనీయే రాసిచ్చింది. మరి 15,000 కిలోల విత్తనం 640 సంచులు ఎలా అయింది? ఆ 40 సంచులు, అంటే 10 క్వింటాళ్లు, ఏ రాశివి?

రెండే జవాబులు. ఒకటి, ఇంకో రాశి విత్తనానికి, బహుశా పరీక్ష కానిదానికి, 417 లేబుల్ కుట్టారు. రెండు, లెక్క రాయడంలో తప్పు. రెండోదే అయితే లేబుళ్ల లెక్క దాన్ని తేలుస్తుంది. 600 లేబుళ్లే వాడి ఉంటే పట్టీ తప్పు. 640 వాడి ఉంటే సంచులు నిజం. ఆపైన పంపిన తేదీలు చూడాలి. మొదటి 600 సంచులు మే నెలలో వెళ్లి, చివరి 40 జూన్ రెండో వారంలో మన డీలరుకు వెళ్లి ఉంటే, పక్క మండలం చేలు బాగుండటం, మన చేలో కేళీలు రావడం రెండూ ఒకేసారి నిజం కావచ్చు. అదే డీలరు దగ్గర ఆ వారం కొన్న మిగతా రైతుల చేలు కూడా చూడాలి. వాళ్ల చేలల్లో కూడా కేళీలుంటే వాళ్ల ఫిర్యాదులు కూడా అదే ఫైలులో చేర్పించాలి.

సంచుల లెక్క సరిపోయినా, చేలో కేళీలు కొద్ది సంచుల వరకే పరిమితమైతే, మిషను రికార్డు చూడాలి. ముందురోజు 1010 శుద్ధి చేసి, జల్లెడలు, ఎలివేటరు గొట్టాలు, బిన్ను అడుగు శుభ్రం చేయకుండా 5204 ఎక్కిస్తే మొదట దిగే సంచుల్లో పాత రకం గింజ కలుస్తుంది. రాశి మొత్తం మీద తీసిన నమూనాలో ఆ కొద్దిపాటి కల్తీ పలుచబడి కనబడకుండా పోతుంది. ఇక నమూనాలోనే కేళీలు వస్తే అంత వెతుకులాట అక్కర్లేదు. లోపం పొలంలోనో, రాశి కలిపినచోటో జరిగింది. అప్పుడు ముడి విత్తనం ఇచ్చిన పొలాల తనిఖీ కాగితాలు చూడాలి. వరి విత్తన పొలానికి పక్క రకం వరి చేనుకు మధ్య కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. ఒక పొలం ధాన్యం తక్కువైతే తనిఖీ కాని ఇంకో పొలం ధాన్యం కలపడం ఇక్కడే జరుగుతుంది. తనిఖీలో అంచనా వేసిన దిగుబడి కంటే ప్లాంటుకు చేరిన ధాన్యం బాగా ఎక్కువ ఉంటే అనుమానించాలి.

ఏ రకాలకు వర్తిస్తుంది?

పైన చెప్పిన విత్తన నియమాలు నోటిఫై చేసిన రకాలకు వర్తిస్తాయి. బిపిటి 5204, ఎంటియు 1010 వంటివి ఆ కోవలోవే. ప్రైవేటు కంపెనీల సొంత హైబ్రిడ్లలో నోటిఫై కానివి చాలా ఉన్నాయి. వాటి విషయంలో విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద డీలరు లెక్కలు, వినియోగదారుల కమిషను దారి మిగులుతాయి.

వినియోగదారుల కమిషను దగ్గర రైతుకు మంచి ఆధారం ఉంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన తెలుగు రైతులు వేసిన కేసులో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని చెప్పింది. విత్తనమంతా విత్తుకున్న రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని ఆశించలేమని కూడా అంది. కమిషను కంపెనీ చేత రికార్డులు తెప్పించగలదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. విత్తనం ధర 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

కంపెనీ రాసిచ్చిన జవాబు అసంపూర్తిగా ఉన్నా పారేయకండి. మొదటి ఉత్తరానికి "600 సంచులు" అని, ఆరు నెలల తర్వాత కమిషను దగ్గర "640 సంచులు" అని రాస్తే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. ఉత్తరం చేరిన రుజువు, ఆఫీసు ముద్ర ఉన్న ఫిర్యాదు నకలు, లేబుల్, బిల్లు, చేలో కుదుళ్ల లెక్క రాసుకున్న కాగితం ఒకే కవరులో పెట్టి, కవరు మీద లాట్ నంబరు, విత్తనం కొన్న తేదీ రాసి పెట్టుకోండి.